ఇటుకల యూనిట్ అసైన్‌మెంట్: ఆపరేటింగ్ లివరేజ్ 4 ఆ, 2.5 ఆ?

రెండో_సెమ్

ఎంబీఏ రెండో సెమిస్టర్, మేనేజీరియల్ అకౌంటింగ్ అసైన్‌మెంట్. సోమవారం ఇచ్చేయాలి. మా బ్యాచ్‌లో తలా ఒక జవాబు వస్తోంది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ఫ్లై యాష్ ఇటుకలు చేసే చిన్న యూనిట్. నెలకు 2,00,000 ఇటుకలు అమ్ముతారు. ధర ఇటుకకు ₹6, జీఎస్టీ కాకుండా. ఒక్క ఇటుకకు బూడిద, క్రషర్ డస్ట్, సిమెంట్ కలిపి ₹2.90. పీస్ రేటు కూలి 80 పైసలు, లోడింగ్ 20 పైసలు, కరెంటు 10 పైసలు. మొత్తం ₹4.

నెలకు స్థిర ఖర్చులు: స్థలం లీజు 40,000, జీతాలు 84,000, మెషిన్ తరుగుదల 50,000, బ్యాంకు వడ్డీ 60,000, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ 26,000, మరమ్మతులు, ఇన్సూరెన్స్ వగైరా 40,000. అన్నీ కలిపి ₹3,00,000.

ఇప్పుడు అప్పు చేసి ఆటోమేటిక్ మెషిన్ కొనాలనే ఆలోచన ఉంది. కొంటే కూలి 80 పైసల నుంచి 30 పైసలకు తగ్గుతుంది. కానీ స్థిర ఖర్చు నెలకు ₹1,20,000 పెరుగుతుంది. అందులో తరుగుదల 50,000, కొత్త లోనుకి వడ్డీ 55,000, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ 15,000. పాత మెషిన్ నెలకు 2,20,000 ఇటుకల కంటే ఎక్కువ తీయలేదు. కొత్తది 3,00,000 తీస్తుంది.

రెండు పద్ధతుల్లోనూ బ్రేక్ ఈవెన్, ఆపరేటింగ్ లివరేజ్ కట్టాలి. అమ్మకాలు 30 శాతం పడిపోతే ఏమవుతుందో చెప్పాలి. చివరికి ఏది మంచిదో రాయాలి.

నాకు పాత మెషిన్‌కి బ్రేక్ ఈవెన్ 1,50,000 ఇటుకలు, లివరేజ్ 4 వచ్చాయి. ఒక క్లాస్‌మేట్‌కి బ్రేక్ ఈవెన్ 6,00,000 వచ్చింది. ఇంకొకతనికి బ్రేక్ ఈవెన్ నాలాగే వచ్చినా లివరేజ్ 2.5 అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

మిర్చియార్డ్

నీదే కరెక్ట్ చెల్లీ. ఇటుక మీద మిగిలేది ₹2. మూడు లక్షల్ని రెండుతో భాగిస్తే లక్షన్నర. 2,00,000 అమ్మితే కాంట్రిబ్యూషన్ నాలుగు లక్షలు, లాభం లక్ష, కాబట్టి లివరేజ్ 4. అంటే ఈ యూనిట్‌లో అమ్మకం ఒక శాతం మారినప్పుడల్లా లాభం 4 శాతం మారుతుంది, ఎప్పుడైనా అంతే. కొత్త మెషిన్‌కి ఇటుక మీద ₹2.50 మిగులుతుంది, బ్రేక్ ఈవెన్ 1,68,000, లాభం 80,000, లివరేజ్ 6.25. లివరేజ్ ఎక్కువ ఉన్నది తీసుకుంటే అమ్మకాలు పెరిగే కొద్దీ లాభం పరుగెడుతుంది. కొత్త మెషిన్ అని రాసేయ్.

ఆ 6,00,000 ఎలా వచ్చిందో మాత్రం నాకూ అర్థం కాలేదు.

ఖర్చుల_ఖాతా

ఆరు లక్షలు ఎలా వస్తుందో నేను చెప్తాను. ఏటా ఎవరో ఒకరు ఇదే చేస్తారు. మూడు లక్షల స్థిర ఖర్చుని రెండు లక్షల ఇటుకలకు పంచితే ఇటుకకు ₹1.50 పడుతుంది. దాన్ని ₹4కి కలిపి ఇటుక ఖరీదు ₹5.50 అనుకుంటారు. అప్పుడు మిగిలేది 50 పైసలే. మళ్లీ అదే మూడు లక్షల్ని 50 పైసలతో భాగిస్తారు. అంటే స్థిర ఖర్చుని రెండుసార్లు వసూలు చేసినట్టు. ఆ ₹1.50 అన్నది రెండు లక్షల దగ్గర మాత్రమే నిజం. లక్ష అమ్మితే అదే ఖర్చు ఇటుకకు ₹3 అవుతుంది. మీ స్నేహితుడిని తన జవాబుని వెనక్కి వేసి చూసుకోమనండి. 6,00,000 ఇటుకలు అమ్మితే కాంట్రిబ్యూషన్ 12 లక్షలు, స్థిర ఖర్చు పోగా 9 లక్షల లాభం. లాభం సున్నా కావాల్సిన చోట 9 లక్షలు వచ్చిందంటే లెక్క తప్పినట్టే. పైగా ఆ మెషిన్ నెలకు తీయగలిగేదే 2,20,000.

మిర్చియార్డ్ గారూ, 'ఎప్పుడైనా అంతే' అన్న దగ్గర మాత్రం ఆగాలి. ఆ 4 నెలకు 2,00,000 అమ్ముతున్న చోట నిలబడి కొలిచిన అంకె. 1,60,000 అమ్ముతున్నప్పుడు కొలవండి. కాంట్రిబ్యూషన్ 3,20,000, లాభం 20,000, నిష్పత్తి 16. బ్రేక్ ఈవెన్‌కి దగ్గరవుతున్న కొద్దీ కింద ఉన్న లాభం చిన్నదైపోయి ఈ అంకె ఉబ్బుతుంది, దూరం వెళ్లే కొద్దీ తగ్గుతుంది. అందుకే లివరేజ్ ఎంతో రాసినప్పుడు ఏ అమ్మకం దగ్గరో పక్కనే రాయాలి. అది లేకుండా 6.25 ఎక్కువ కాబట్టి మంచిది అనడానికి లేదు. ఆ అంకె దిగేటప్పుడు కూడా అంతే వేగంగా పని చేస్తుంది.

4 ఆ, 2.5 ఆ అన్నది అసలు మంచి ప్రశ్న. దాని గురించి కాసేపాగి రాస్తాను.

ఇబ్రహీంపట్నం_బ్రిక్స్

అమ్మా, నేను ఇదే వ్యాపారంలో ఉన్నాను. మాకు బూడిద పక్కనే ఉన్న థర్మల్ స్టేషన్ నుంచి వస్తుంది. మీరు మెషిన్ కొనే ఆలోచనలో ఉంటే తొందరపడకండి. కంపెనీవాడు చెప్పే కెపాసిటీ ప్యాలెట్లన్నీ బాగున్న రోజుది. ప్యాలెట్ వంగిందంటే ఇటుక మందం మారుతుంది, మేస్త్రీ వెనక్కి పంపేస్తాడు. డై అరిగితే అంచులు రాలతాయి. మీ లిస్టులో డై మార్పిడి ఖర్చు ఎక్కడా కనిపించలేదు.

ఇంకోటి, లోను అంటున్నారు గానీ వడ్డీ ఒక్కటే రాశారు. అసలు సొమ్ము ఎవరు కడతారు? మా దగ్గర ప్రతి నెలా ఐదో తారీఖున ఈఎంఐ మొత్తం లాగేస్తారు, ఇటుక అమ్ముడైందా లేదా అని అడగరు. మీ యూనిట్ ఎక్కడమ్మా?

రెండో_సెమ్

అంకుల్, నాకు యూనిట్ లేదండీ, ఇది కాలేజీ అసైన్‌మెంట్ 🙂 కానీ మీరు చెప్పినవి రాసుకుంటున్నాను.

ఖర్చుల_ఖాతా గారూ, ఏది మంచిదో తేల్చడానికి నేను రెండు లాభాలూ సమానమయ్యే చోటు కట్టాను. అదనపు స్థిర ఖర్చు 1,20,000, ఇటుకకు ఆదా 50 పైసలు, కాబట్టి 2,40,000 ఇటుకలు. అక్కడ రెండింటికీ లాభం 1,80,000 వస్తోంది. అంతకు పైన కొత్తది, కింద పాతది అని రాయొచ్చా?

ఖర్చుల_ఖాతా

అంకగణితం సరిగ్గానే ఉంది. కానీ ఇచ్చిన వివరాలు మళ్లీ ఒకసారి చదవండి. పాత మెషిన్ 2,40,000 తీయగలదా?

తీయలేదు. 2,20,000 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ దాని లాభం 1,40,000. గిరాకీ ఇంకెంత పెరిగినా పాత మెషిన్‌తో ఆ 1,40,000 దాటదు. కాబట్టి మీరు అడగాల్సింది, కొత్త మెషిన్ ఎన్ని ఇటుకల దగ్గర 1,40,000 తెస్తుంది అని. స్థిర ఖర్చు 4,20,000, దానికి 1,40,000 కలిపితే 5,60,000. ₹2.50తో భాగిస్తే 2,24,000. అసలు మలుపు అక్కడ ఉంది. 2,30,000 దగ్గర సరిచూసుకోండి. కొత్తది 1,55,000 ఇస్తుంది, పాతది 1,40,000 దగ్గరే ఉంటుంది. మీ 2,40,000 లెక్క ప్రకారమైతే అక్కడ ఇంకా పాతదే మేలని రాసేవారు.

కెపాసిటీ అంకెలు ఊరికే ఇచ్చారనుకుని చాలామంది దాటేస్తారు. కాగితం మీద గీతలు ఎంత దూరమైనా వెళ్తాయి, మెషిన్ వెళ్లదు. రెండు గీతలు కలిసే చోటు రాసే ముందు అది రెండు మెషిన్లకూ అందే దూరంలో ఉందా అని చూడాలి.

ఇప్పుడు నెలకు 2,00,000 అమ్ముతున్నారు కాబట్టి మలుపు చేరాలంటే అమ్మకం 12 శాతం పెరగాలి. అంత గిరాకీ ఉందా అన్నది ప్రశ్నలో చెప్పలేదు. మీ జవాబులో ఆ షరతు తప్పకుండా పెట్టండి.

ఇంటర్_గ్రూప్_2

నేను సీఎంఏ ఇంటర్ చదువుతున్నా. లివరేజ్ 2.5 అన్న అబ్బాయి కరెక్టేమో అక్కా. మాకు ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో ఆపరేటింగ్ లివరేజ్ అంటే కాంట్రిబ్యూషన్‌ని వడ్డీకి ముందు లాభంతో భాగించమంటారు. ఇక్కడ లాభం లక్ష, వడ్డీ అరవై వేలు, కలిపితే 1,60,000. నాలుగు లక్షల్ని దాంతో భాగిస్తే 2.5.

మిర్చియార్డ్

మరి మేనేజీరియల్ అకౌంటింగ్ పుస్తకంలో స్థిర ఖర్చులన్నీ తీసేసిన లాభమే కదా వాడేది. ప్రశ్నలో వడ్డీని స్థిర ఖర్చుల్లోనే కలిపి ఇచ్చారు. ఇచ్చినట్టే చేయాలి, మనం మార్చకూడదు.

ఖర్చుల_ఖాతా

ఇందాక చెప్తానన్నది ఇదే. ఇద్దరి అంకెలూ లెక్కగా సరైనవే, కాకపోతే వేర్వేరు సంగతులు కొలుస్తున్నాయి. స్థిర ఖర్చు రెండు చోట్ల నుంచి వస్తుంది. లీజు, జీతాలు, తరుగుదల, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ యూనిట్ నడపడం వల్ల వచ్చేవి. వడ్డీ మాత్రం డబ్బు ఎక్కడ తెచ్చామన్నదాన్ని బట్టి వస్తుంది. అదే మెషిన్ సొంత డబ్బుతో కొంటే ఇటుకల తయారీలో ఏమీ మారదు, వడ్డీ ఒక్కటి ఉండదు. ఆపరేటింగ్ లివరేజ్ అన్నప్పుడు మొదటి రకాన్నే చూస్తాం. అది 2.5. వడ్డీ తెచ్చే ఊపు ఫైనాన్షియల్ లివరేజ్, 1,60,000ని 1,00,000తో భాగిస్తే 1.6. రెండూ గుణిస్తే 4. చక్కగా సరిపోయింది కదా. మీకు మొదట వచ్చిన 4 ఈ రెండూ కలిసిన అంకె.

ఇదంతా పేర్ల గొడవ అనిపిస్తే కొత్త మెషిన్‌కి కూడా విడదీసి చూడండి. అక్కడ వడ్డీ 60,000 ప్లస్ 55,000, అంటే 1,15,000. వడ్డీకి ముందు లాభం 1,95,000. 5,00,000ని దాంతో భాగిస్తే 2.56. పాతదానికి 2.5, కొత్తదానికి 2.56. దాదాపు ఒకటే! మిర్చియార్డ్ గారి లెక్కలో 4 నుంచి 6.25కి ఎగిరిన రిస్కులో తయారీ పద్ధతి మార్చడం వల్ల వచ్చింది ఏమీ లేనట్టే. అంతా అప్పు నుంచి వచ్చింది. ఫైనాన్షియల్ లివరేజ్ 1.6 నుంచి 2.44కి వెళ్లింది.

30 శాతం పడిపోయే ప్రశ్నలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మకం 1,40,000కి వచ్చినప్పుడు వడ్డీకి ముందు పాత మెషిన్‌కి 40,000 మిగులుతుంది, కొత్తదానికి 45,000. అంత గడ్డు నెలలో కూడా కొత్త మెషినే కాస్త ఎక్కువ సంపాదిస్తోంది. వడ్డీ కట్టాక పాతది 20,000 నష్టం, కొత్తది 70,000 నష్టం. కాబట్టి 'ఆటోమేషన్ వల్ల నష్టం పెరిగింది' అని రాస్తే కారణం తప్పు రాసినట్టే. మెషిన్ తన పని తాను చేసింది. దాన్ని పూర్తిగా అప్పుతో కొనడం వల్ల నష్టం పెరిగింది.

సొంత డబ్బు పెడితే సమస్య లేదని దీని అర్థం కాదు. ఆ డబ్బు ఇంకో చోట పెడితే వచ్చే రాబడి పోతుంది. కానీ గడ్డు నెలలో ఆ రాబడి కోసం ఎవరూ తలుపు తట్టరు.

మిర్చియార్డ్

విడదీయడం బాగుంది, ఒప్పుకుంటా. అయితే బ్రేక్ ఈవెన్ కూడా వడ్డీ తీసేసే కట్టాలా? అలా కడితే పాతదానికి 2,40,000ని 2తో భాగిస్తే 1,20,000 ఇటుకలు. కొత్తదానికి 3,05,000ని 2.5తో భాగిస్తే 1,22,000. అప్పుడు రెండు మెషిన్లకీ బ్రేక్ ఈవెన్ ఒకటే అన్నట్టు ఉంది. ఒకే జవాబులో బ్రేక్ ఈవెన్‌కి వడ్డీ కలిపి, లివరేజ్‌కి తీసేస్తే దిద్దేవాళ్లు ఒప్పుకుంటారా?

ఇబ్రహీంపట్నం_బ్రిక్స్

వడ్డీ తీసేసి కట్టిన బ్రేక్ ఈవెన్‌తో నాకేం పని? బ్యాంకుకి కట్టిన తర్వాతే కదా నా ఇంటికి వచ్చేది. నేనైతే అసలు కూడా కలిపి చూసుకుంటాను. తరుగుదల పేరుతో ఎవరికీ డబ్బు కట్టం కాబట్టి అది తీసేస్తాను, ఈఎంఐ మొత్తం వేస్తాను. ఈ నెల ఎన్ని ఇటుకలు అమ్మితే చెక్కు బౌన్స్ కాకుండా ఉంటుంది, నాకు కావాల్సింది ఆ అంకె.

ఖర్చుల_ఖాతా

మీరు చెప్పేది నగదు బ్రేక్ ఈవెన్. యజమానికి నెలవారీగా పనికొచ్చేది అదే. అసలు ఎంతో ప్రశ్నలో ఇవ్వలేదు కాబట్టి అసైన్‌మెంట్‌లో కట్టలేం. అయితే తరుగుదల కంటే కట్టాల్సిన అసలు ఎక్కువైతే, ఖాతాల్లో లాభం చూపిస్తున్న నెలలో కూడా చేతిలో డబ్బు ఉండదు. చిన్న యూనిట్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

మిర్చియార్డ్ గారి ప్రశ్నకి: బ్రేక్ ఈవెన్ వడ్డీతో కట్టినా, లేకుండా కట్టినా తప్పు కాదు, ఏది కట్టారో చెప్తే చాలు. ప్రశ్నలో వడ్డీని స్థిర ఖర్చుల్లో పెట్టారు కాబట్టి 1,50,000, 1,68,000 ముందు రాస్తాను. లివరేజ్ దగ్గర మాత్రం 2.5, 1.6, 4 మూడూ చూపిస్తాను. మీ సార్ మనసులో 4 ఉన్నా మార్కులు పోవు, 2.5 ఉన్నా పోవు.

మిర్చియార్డ్

నాకు మాత్రం ఇచ్చిన ప్రశ్నకి ఒక జవాబు రాయడమే మంచిదనిపిస్తుంది. రెండు రాస్తే ఏది తెలుసో తెలియక రెండూ రాశారనుకునే వాళ్లూ ఉంటారు.

ఇబ్రహీంపట్నం_బ్రిక్స్

ఇంకో మాట. కూలి ఇటుకకు 80 పైసలు, ఇటుకలు తగ్గితే కూలీ తగ్గుతుంది అని రాశారు. మా దగ్గర పని చేసేవాళ్లు ఒడిశా నుంచి కుటుంబాలతో వస్తారు, సీజన్ ముందే అడ్వాన్సు తీసుకుంటారు. వానల్లో పని సగమైనా వారం వారం ఖర్చీ ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే వెళ్లిపోతారు, మళ్లీ సీజన్‌కి మనుషులు దొరకరు. పీస్ రేటు అన్నది పేరుకే.

ఇంటర్_గ్రూప్_2

అడ్వాన్సు ఖర్చు కాదు కదండీ, తర్వాత పనిలో సర్దుకుంటారు. బ్యాలెన్స్ షీట్‌లో ఉంటుంది.

ఇబ్రహీంపట్నం_బ్రిక్స్

సర్దుబాటు అయితే మంచిదే బాబూ. కొంత అవుతుంది, కొంత అవ్వదు. ఊరెళ్లి తిరిగి రానివాళ్లు ఉంటారు.

ఖర్చుల_ఖాతా

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. తిరిగి వచ్చే భాగం అడ్వాన్సు, రానిది ఖర్చు. ఎంత వస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు. లెక్క మీద దాని ప్రభావం మాత్రం చూడొచ్చు. పాత మెషిన్ మీద ఉన్న మనుషులకి నెలకు కనీసం 1,30,000 ఇవ్వక తప్పదనుకుందాం. ఇది నేను ఊహించిన అంకె. 2,00,000 ఇటుకలప్పుడు కూలి 1,60,000 కాబట్టి తేడా కనపడదు. 1,40,000 ఇటుకలకు పీస్ రేటు ప్రకారం 1,12,000 మాత్రమే రావాలి, కానీ 1,30,000 ఇస్తారు. ఆ 18,000 కలిస్తే నష్టం 20,000 కాదు, 38,000. కొత్త మెషిన్‌కి మనుషులు తక్కువ కాబట్టి ఈ బరువు అంత పడదు. అంటే వానాకాలంలో పాత మెషిన్‌కి ఉందనుకున్న మేలులో కొంత కరిగిపోతుంది.

రెండో_సెమ్

ఇది నా రిపోర్టులో 'పరిమితులు' కింద రాస్తాను. లివరేజ్ మూడు అంకెలూ ఇస్తున్నా, సారీ మిర్చియార్డ్ అన్నా. ఎంపిక దగ్గర గిరాకీ నెలకు 2,24,000 దాటితేనే కొత్త మెషిన్ అనీ, 30 శాతం పడిపోయినప్పుడు అదనంగా వచ్చే 50,000 నష్టానికి వడ్డీయే కారణమనీ రాస్తున్నా.

ఒక్కటి అడగాలి అంకుల్. ప్రశ్నలో అన్ని నెలలూ ఒకేలా ఉన్నాయి. నిజంగా వానల్లో ఎంత పడిపోతుంది? వేసవిలో ఎక్కువ చేసి స్టాక్ పెట్టుకుంటే ఆ మూడు నెలలు గడవవా?

ఇబ్రహీంపట్నం_బ్రిక్స్

శాతాలు నేను చెప్పలేనమ్మా, ఏడాదికో రకం. స్టాక్ పెట్టుకోవచ్చు, కానీ క్యూరింగ్ చేసి పేర్చడానికి యార్డు కావాలి. మీ లెక్కలో లీజు 40,000కి ఎంత స్థలమో రాయలేదు. ఇంకా, పేర్చిన ఇటుకలో సిమెంటు డబ్బు, కూలి డబ్బు ఇరుక్కుని ఉంటాయి. క్రషర్‌వాడు, సిమెంటు డీలరు అప్పటిదాకా ఆగరు. ఆగితే ఆ స్టాక్ దసరా తర్వాత మంచి ధరకే పోతుంది.

ఇంటర్_గ్రూప్_2

అయితే స్టాక్ మీద ఇరుక్కున్న డబ్బుకీ వడ్డీ వేయాలి కదా. అది స్థిర ఖర్చా, ఇటుకలతో పాటు మారేదా?

ఖర్చుల_ఖాతా

ఎన్ని ఇటుకలు ఎన్నాళ్లు పేర్చి ఉంచారన్నదాన్ని బట్టి మారుతుంది, అమ్మిన ఇటుకల్ని బట్టి కాదు. ఒక నెల బ్రేక్ ఈవెన్ గీతలో దానికి చోటు లేదు. నెలవారీ క్యాష్ బడ్జెట్ వేసుకుని పన్నెండు నెలలూ వరుసగా చూడాల్సిందే. విడిగా ఒక థ్రెడ్ మొదలుపెట్టండి, అంకెలు పెడితే అందరం కలిసి వేద్దాం.